సుకన్య పాస్‌బుక్‌లో వడ్డీ 957 రూపాయలు తక్కువ పడింది, ఎక్కడ పోయింది?

వరంగల్_అమ్మ
మా పాప సుకన్య సమృద్ధి ఖాతా పోస్టాఫీసులో ఉంది. చాలాకాలంగా పాస్‌బుక్ ప్రింట్ వేయించలేదు. మొన్న వేయించి ఇంటికొచ్చి లెక్క చూస్తే ఒకచోట తేడా కనిపించింది. 2024-25 సంవత్సరం ఎంట్రీలు ఇవి (చిల్లర తీసేసి రాస్తున్నా):

31-03-2024 వడ్డీ కలిపాక నిల్వ 4,20,000
02-04-2024 జమ 10,000
08-04-2024 జమ 1,40,000
31-03-2025 వడ్డీ 45,783

ఏప్రిల్‌లోనే లక్షన్నర నిండింది కదా. 5,70,000 మీద 8.2 శాతం అంటే 46,740 రావాలి. 957 తక్కువ వచ్చింది. కౌంటర్‌లో అడిగితే "సిస్టం వేసిందమ్మా, మేం వేయలేదు" అన్నారు. ఇంకో సంగతి, ఆ 10,000 చెక్ నేను మార్చి 30నే ఇచ్చాను. అది ఏప్రిల్‌లో ఎందుకు ఉంది? మొత్తం పెద్దది కాదు, కానీ పాపకి పెళ్లీడొచ్చేదాకా ప్రతి ఏడూ ఇలాగే పోతే ఎట్లా?

నైట్‌షిఫ్ట్
టీడీఎస్ కట్ చేసి ఉంటారు. మా ఎఫ్‌డీకి ఏటా అదే గోల.

గోదారిగట్టు
సుకన్య వడ్డీ మీద పన్నే లేదు, టీడీఎస్ ఎక్కడిది సామీ. నాకు తెలిసి రేటు మూడు నెలలకోసారి మారుతుంది. మధ్యలో తగ్గించి ఉంటారు, అందుకే తక్కువ పడింది.

కౌంటర్_అవతల
రేటు మూడు నెలలకోసారి ప్రకటిస్తారన్నది నిజమే. కానీ 2024-25లో నాలుగు త్రైమాసికాలూ 8.2 శాతమే, మారలేదు. కాబట్టి ఈవిడ విషయంలో కారణం అది కాదు.

నేను పోస్టాఫీసు కౌంటర్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి పాస్‌బుక్ తెచ్చి నిలదీసినవాళ్లని చాలామందిని చూశాను. వడ్డీ జమ అయ్యేది ఏడాదికి ఒక్కసారి, మార్చి 31న. లెక్క మాత్రం ప్రతి నెలకీ విడివిడిగా కడతారు. ఆ నెల అయిదో తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న నిల్వల్లో ఏది అతి తక్కువో, దాని మీదే ఆ నెల వడ్డీ. అంటే అయిదో తేదీలోపు పడ్డ డబ్బు ఆ నెల లెక్కలోకి వస్తుంది. ఆరో తేదీన పడితే ఆ నెల వడ్డీ లేదు, వచ్చే నెల నుంచే.

మీ పాస్‌బుక్‌లో 10,000 రెండో తేదీన పడింది కాబట్టి దానికి ఏప్రిల్ వడ్డీ వచ్చింది. 1,40,000 ఎనిమిదో తేదీన పడింది. ఏప్రిల్‌లో అయిదో తేదీ ముగిసేసరికి ఖాతాలో ఉన్నది 4,30,000 మాత్రమే. కాబట్టి ఏప్రిల్ వడ్డీ దాని మీదే, మే నుంచి మార్చి దాకా పదకొండు నెలలు 5,70,000 మీద.

లెక్కల_మాస్టారు
కాగితం మీద వేసి చూశా, సరిపోయింది.

4,30,000 మీద ఏడాదికి 8.2 శాతం అంటే నెలకి 2,938 రూపాయల 33 పైసలు. ఇది ఏప్రిల్‌ది. 5,70,000 మీద నెలకి సరిగ్గా 3,895. పదకొండు నెలలకి 42,845. రెండూ కలిపితే 45,783 చిల్లర. పాస్‌బుక్‌లో ఉన్నదీ అదే.

పోయిన 957 ఏమిటంటే, 1,40,000 మీద ఒక్క ఏప్రిల్ నెల వడ్డీ. అంతే. సిస్టం తప్పేమీ లేదు.

వరంగల్_అమ్మ
లెక్క అర్థమైంది మాస్టారూ, థాంక్స్. కానీ ఆ 1,40,000 చెక్ నేను ఏప్రిల్ 4న ఇచ్చాను! రసీదు మీద పోస్టాఫీసు ముద్ర కూడా ఉంది. అయిదో తేదీ లోపేగా? మరి ఎనిమిదో తేదీ ఎందుకు వేసుకున్నారు?

కౌంటర్_అవతల
చెక్ ఇచ్చిన రోజు లెక్కలోకి రాదమ్మా. చెక్ క్లియరై డబ్బు ఖాతాకి చేరిన రోజే జమ తేదీ. మీ మార్చి 30 చెక్‌దీ ఇదే కథ.

గోదారిగట్టు
2024 ఏప్రిల్ 5 ఏ రోజో గుర్తుందా ఎవరికైనా? బాబూ జగ్జీవన్ రామ్ జయంతి. తెలంగాణలో బ్యాంకులకి సెలవు. శుక్రవారం సెలవు, శనివారం ఒక్కరోజు, ఆదివారం మళ్లీ సెలవు. సోమవారానికి ఎనిమిదో తేదీ వచ్చేసింది. ఇక ఆ ముందు చెక్ సంగతి చూస్తే, మార్చి 31 ఆదివారం, ఏప్రిల్ 1న బ్యాంకుల ఖాతాల ముగింపు అని జనానికి పని ఉండదు. కాబట్టి 2కి పడింది. క్యాలెండర్ మీ మీద పగబట్టినట్టుంది.

నైట్‌షిఫ్ట్
ఏప్రిల్ 5 సెలవూ, సుకన్య గడువూ ఒకే రోజు. ఎవరు ఆలోచించి పెట్టారో కానీ, వాళ్లకి వడ్డీ ఇవ్వాల్సింది.

వరంగల్_అమ్మ
అంటే ముద్ర వేసిన రసీదుకి విలువే లేదా?

కౌంటర్_అవతల
విలువ ఉంది. చెక్ తీసుకున్నారనడానికి రుజువు అది. ఒకవేళ వాళ్లు ఆ చెక్‌ని రోజుల తరబడి డ్రాయర్‌లో పెట్టుకుని, క్లియరింగ్‌కి పంపకుండా ఆలస్యం చేసి ఉంటే ఆ రసీదు పట్టుకుని అడగొచ్చు. మీ విషయంలో గురువారం ఇచ్చారు, సోమవారం పడింది, మధ్యలో సెలవులున్నాయి. ఆలస్యం అనిపించుకునేంత ఆలస్యం కాదు. అయినా వచ్చే ఏడాది నుంచి చెక్ మానేయండి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా ఉంటే అందులోంచి మార్చుకోండి, లేదా ఐపీపీబీ యాప్‌లోంచి సుకన్య ఖాతాకి పంపండి. ఖాతా నంబరు, కస్టమర్ ఐడీ అడుగుతుంది. సాధారణంగా అప్పటికప్పుడే పడుతుంది. పంపాక నిల్వ చూసుకుని, ఆ స్క్రీన్ ఫోటో దాచుకోండి.

సముద్రతీరం
నాకు దీంట్లో ఒక సందేహం ఉంది. 957 రూపాయల కోసం ఇంత శోధన అవసరమా? ఒక్కరోజు సెలవు పెట్టి పోస్టాఫీసుకి వెళ్తే అంతకంటే ఎక్కువే పోతుంది.

లెక్కల_మాస్టారు
సముద్రతీరం గారూ, ఈ ఏడాది 957 అన్నది ఒక్కసారి పోయింది కాదు. అది ఖాతాలో చేరి ఉంటే ఖాతా ముగిసేదాకా దాని మీద వడ్డీ వస్తుంది. పైగా ప్రతి ఏప్రిల్ ఇలాగే జరిగితే ప్రతి ఏడూ కొత్తది పోతుంది. సుకన్యలో పదిహేనేళ్లు డబ్బు కట్టాలి, ఖాతా తెరిచిన నాటి నుంచి 21 ఏళ్లకి ముగుస్తుంది. అందుకే తేదీ మీద ఇంత మాట.

పద్మవ్యూహం
మేం నెలనెలా 12,500 కట్టుకుంటాం. ఈ ఏప్రిల్ 5 గొడవ మాకు లేదు. ఒకేసారి లక్షన్నర పెట్టేవాళ్లకే ఇది.

లెక్కల_మాస్టారు
నెలనెలా కట్టేవాళ్లకి కూడా ఉంది పద్మవ్యూహం గారూ, కాకపోతే చిన్న ముక్కల్లో పోతుంది కాబట్టి కనిపించదు. మీ డబ్బు ఏ తేదీన పడుతోంది?

పద్మవ్యూహం
పదో తేదీన. జీతం ఏడున వస్తుంది, దానికి తగ్గట్టు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాం.

లెక్కల_మాస్టారు
అయితే మీకు ప్రతి వాయిదా మీదా ఒక నెల పోతోంది. మార్చి వాయిదాకైతే ఆ ఏడాది వడ్డీ సున్నా. 8.2 శాతంతో చూస్తే, నెలకి 12,500 చొప్పున మూడో తేదీన కట్టినవాళ్లకి ఆ ఏడాది కట్టిన డబ్బు మీద 6,662 వస్తుంది. పదో తేదీన కట్టినవాళ్లకి 5,637. తేడా 1,025. ఏప్రిల్ 5లోపే లక్షన్నర ఒకేసారి పెడితే 12,300. కానీ అంత డబ్బు ఏప్రిల్ మొదట్లో అందరి చేతిలో ఉండదు, కాబట్టి అది వేరే విషయం. తేదీ మార్చడానికి మాత్రం ఖర్చు లేదు. ఒక్కసారి ఒక వాయిదా డబ్బు ముందే సర్దుకుని 2వ తేదీకి మార్చుకోండి, ఏడున వచ్చే జీతాన్ని వచ్చే నెల 2 దాకా ఆపితే మాత్రం లాభం ఉండదు.

పద్మవ్యూహం
ఇన్నాళ్లూ పాస్‌బుక్ చూస్తూనే ఉన్నాం, ఎవరికీ తట్టలేదు. మా ఆయనకి చూపిస్తా, మన ఇంట్లో బడ్జెట్ మంత్రి ఆయనే.

వరంగల్_అమ్మ
నాకింకో సందేహం. ఏప్రిల్ 4న నేను 1,50,000కి చెక్ రాసుకుని వెళ్లాను. కౌంటర్‌లో ఆయన కంప్యూటర్ చూసి, "1,40,000కి రాసి తీసుకురండి" అన్నారు. మార్చి చెక్ గురించి తెలియక, ఏదో రూల్ ఉందేమో అనుకుని రాసిచ్చాను. ఇప్పుడు అర్థమవుతోంది, మార్చి 30 చెక్ ఈ సంవత్సరం కోటాలో కలిసిపోయిందా?

కౌంటర్_అవతల
సరిగ్గా అదే. ఒక ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా, ఖాతాలో వేసే డబ్బు 1,50,000 దాటకూడదు. ఏ ఏడాది అనేది జమ తేదీ తేలుస్తుంది. ఖాతా తెరిచిన నెలతో, పాప పుట్టినరోజుతో సంబంధం లేదు. మీ 10,000 ఏప్రిల్ 2న పడింది కాబట్టి అది 2024-25 కోటా. మిగిలింది 1,40,000. ఆయన మీకు మంచే చేశారు. అదీ చెక్ వెనక్కి పంపి తిప్పించకుండా ముందే చెప్పారు. ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది, అంతే.

పాస్‌బుక్ చూసేటప్పుడు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 మధ్య ఉన్న జమలు మాత్రమే కూడండి. మార్చి 31 వడ్డీ ఎంట్రీని ఇందులో కలపకండి. వడ్డీ కలిస్తే లక్షన్నర దాటినట్టు కనిపించి కంగారుపడినవాళ్లు ఉన్నారు. పరిమితి మీరు వేసే డబ్బుకే.

సముద్రతీరం
అయితే 2023-24లో ఆవిడ పన్ను మినహాయింపు కోసం 10,000 చూపించి ఉంటే? అది వచ్చే ఏడాదిది అయిపోయిందిగా.

వరంగల్_అమ్మ
మా ఆయన పాత పన్ను విధానంలో ఉండేవారు, కానీ ఆ ఏడాది ఆఫీసులో ఇచ్చింది అంతకుముందు కట్టిన దానికి మాత్రమే. ఆ 10,000 పెట్టలేదు. లక్కీ.

చిట్టితల్లి_నాన్న
పరిమితి గురించి మాట వచ్చింది కాబట్టి నాది కూడా వినండి. పోస్టాఫీసు నుంచి ఒక బ్యాంకుకి ఖాతా మార్పించుకున్నాను. ఆగస్టు దాకా పోస్టాఫీసులో 60,000 కట్టా. బ్యాంకులో ఖాతా వచ్చాక కొత్త పాస్‌బుక్ ఇచ్చారు. అందులో మొదటి ఎంట్రీ పాత నిల్వ మొత్తం ఒకే ముక్కగా, బదిలీ అని. నేనా కొత్త పుస్తకం చూసుకుని "ఈ ఏడాది కట్టింది ఇంకా సున్నా" అనుకుని మార్చి లోపు లక్ష కట్టేశాను. బ్యాంకు కంప్యూటర్ అడ్డు చెప్పలేదు. తర్వాత ఆడిట్‌లో బయటపడింది. ఆ ఏడాది మొత్తం 1,60,000 అయిందని, 10,000 వెనక్కి ఇచ్చారు, వడ్డీ లేకుండా.

కౌంటర్_అవతల
అది నిబంధన ప్రకారమే. పొరపాటున ఎక్కువ తీసుకుంటే, పరిమితి దాటిన ముక్కకి వడ్డీ ఉండదు, కట్టినవాళ్లకి తిరిగి ఇచ్చేయాలి. ఖాతాకి వేరే ఇబ్బంది లేదు. బదిలీ చేయించుకున్న ఏడాది రెండు పాస్‌బుక్‌లూ పక్కపక్కన పెట్టుకుని జమలు కూడాలి. పాత పుస్తకం వాళ్లు వెనక్కి తీసుకునే ముందే ఫోటోలు తీసుకోండి.

చిట్టితల్లి_నాన్న
ఫోటోలు తీశాను, దానివల్లే ఇంకొకటి దొరికింది. పోస్టాఫీసు నుంచి డబ్బు చెక్ రూపంలో బయల్దేరింది ఆగస్టు నెలాఖరున. బ్యాంకులో పడింది సెప్టెంబర్ మూడో వారం. ఆ ఏడాది మార్చి వడ్డీ లెక్క వేస్తే సెప్టెంబర్ నెల వడ్డీ రాలేదు. పోస్టాఫీసు అంటుంది, మేం పంపేశాం. బ్యాంకు అంటుంది, మా దగ్గరికి వచ్చిందే 20 తర్వాత. మధ్యలో మా పాప డబ్బు పోస్టు సంచిలో ఉంది. దరఖాస్తు పెట్టాను, ఇంకా తేలలేదు.

గోదారిగట్టు
ఇది నిజంగా అన్యాయం. ఖాతా ఒకటే, మారింది ఆఫీసే కదా.

కౌంటర్_అవతల
మీ పట్టు సరైందే. ఖాతా కొనసాగినట్టే లెక్క, మూసి మళ్లీ తెరిచినట్టు కాదు. రాతపూర్వకంగా రెండు చోట్లా ఇవ్వండి. పోస్టాఫీసు పంపిన బదిలీ పత్రాల్లో వాళ్లు ఏ తేదీ దాకా వడ్డీ కలిపి పంపారో ఉంటుంది, ఆ కాపీ బ్యాంకునే అడగండి. అది చేతికి రాకుండా ఎవరితో వాదించినా గోడకి చెప్పినట్టే.

విజయవాడ_తల్లి
మాకు ఇద్దరు అమ్మాయిలు. ఇద్దరికీ కలిపి లక్షన్నరేనా?

సముద్రతీరం
అవును, కలిపి లక్షన్నరే. పీపీఎఫ్‌లో అలాగే ఉంది.

కౌంటర్_అవతల
పీపీఎఫ్ వేరు, సుకన్య వేరు సముద్రతీరం గారూ. పీపీఎఫ్‌లో మీ ఖాతా, మీరు పిల్లల పేరున నడిపే ఖాతా కలిపి చూస్తారు. సుకన్యలో పరిమితి ఖాతాకి. ఒక్కో అమ్మాయి ఖాతాలో ఏడాదికి లక్షన్నర వరకూ వేసుకోవచ్చు.

సముద్రతీరం
మా సీఏ మాత్రం ఇద్దరికీ కలిపి 1.5 లక్ష అన్నాడు.

లెక్కల_మాస్టారు
ఆయన చెప్పింది 80సీ మినహాయింపు గురించి అయ్యుంటుంది. అది కట్టే మనిషికి లక్షన్నర, ఎన్ని ఖాతాలున్నా. ఖాతాలో వేయగల పరిమితి వేరు, పన్ను మినహాయింపు వేరు. రెండింటిలో అంకె ఒకటే కావడంతో అందరూ కలిపేస్తారు.

సముద్రతీరం
మళ్లీ అడిగి చూస్తా.

నైట్‌షిఫ్ట్
సీఏకి ఫీజు ఇచ్చాక అడగండి, ముందు అడిగితే వేరే జవాబు వస్తుంది.

రాయలసీమ_మామ్మ
మా మనవరాలి పేరున నేనే ఖాతా తెరిచాను నా పెన్షన్ డబ్బుతో. అందులో వడ్డీ తక్కువ పడింది అని మా కోడలు అంటోంది. అదీ అయిదో తేదీ వల్లేనా నాయనా?

కౌంటర్_అవతల
మామ్మగారూ, మీది ఇంకో విషయం కావచ్చు. ఈ ఖాతా తెరవాల్సింది తల్లి, తండ్రి, లేదా చట్టప్రకారం సంరక్షకులు. తాత, అమ్మమ్మ, నానమ్మ తెరిచిన ఖాతాల విషయంలో 2024 ఆగస్టులో ప్రభుత్వం ఆదేశం ఇచ్చింది, అక్టోబర్ 1 నుంచి అమలు. అలాంటివాటిని తల్లిదండ్రుల పేరుకి మార్చుకోవాలి. మీరు మార్పించారా?

రాయలసీమ_మామ్మ
మార్పించాం, మా కొడుకు సంతకం పెట్టాడు. నాకు అవన్నీ తెలీదు. వడ్డీ సంగతి చూడమంటే ఆఫీసు గొడవ చెప్తున్నావు.

కౌంటర్_అవతల
మార్పించి ఉంటే మంచిదే. పుస్తకంలో డబ్బు ఏ తేదీల్లో పడిందో, మార్చి 31 వడ్డీ ఎంతో ఒక్క ఏడాదిది ఇక్కడ రాయించండి. ఖాతా నంబరు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.

విజయవాడ_తల్లి
మా చిన్నమ్మాయి ఖాతాలో రెండేళ్లు అసలేమీ కట్టలేదు. కోవిడ్ టైంలో ఆయన ఉద్యోగం పోయింది. ఇప్పుడు ఆ ఖాతాకి సేవింగ్స్ రేటు నాలుగు శాతమే వస్తుందని పక్కింటావిడ చెప్పింది. నిజమేనా? టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు
అవును, నేనూ అదే విన్నాను. కట్టకుండా వదిలేసిన ఖాతాకి సేవింగ్స్ వడ్డీ అని.

కౌంటర్_అవతల
అది పాత నిబంధన. 2019 డిసెంబరులో పథకం నియమాలు కొత్తగా వచ్చాయి. ఇప్పుడు కట్టకుండా వదిలేసిన ఖాతాకి కూడా పథకం రేటే. ఏడాదికి కనీసం 250 కట్టాలి, కట్టని ప్రతి ఏడాదికీ ఆ 250తో పాటు 50 జరిమానా. మీకు రెండేళ్లు అంటే 600. కట్టి వస్తే ఖాతా మామూలుగా నడుస్తుంది. పక్కింటావిడ మాట పాతది, తప్పు కాదు.

పాస్‌బుక్‌లో ఆ రెండేళ్ల మార్చి 31 ఎంట్రీలు చూడండి. వడ్డీ పడే ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా రేటు 7.6. పాత నిల్వని ఆ రేటుతో గుణిస్తే సరిపోవాలి, ఏ డబ్బూ వేయలేదు కాబట్టి ఇదే తేలికైన లెక్క.

విజయవాడ_తల్లి
ఇప్పుడే చూశా. ముందటి మార్చి 31 నిల్వని 7.6 శాతంతో గుణిస్తే పైసలు పోను అంతే వచ్చింది. పక్కింటావిడకి చెప్తాను, ఆవిడ నమ్మదు.

వరంగల్_అమ్మ
ఇందాకటి నుంచీ మీ అందరి మాటలూ విని 2023-24 వడ్డీ కూడా చెక్ చేశాను. నేను మొత్తం 8.2తో గుణించాను, పాస్‌బుక్‌లో తక్కువ ఉంది. ఈసారి జమలన్నీ అయిదో తేదీలోపే ఉన్నాయి. ఇక్కడా ఏమైనా ఉందా?

లెక్కల_మాస్టారు
ఇక్కడ గోదారిగట్టు గారి మాట పనిచేస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా 8 శాతం, 2024 జనవరి నుంచి మార్చి దాకా 8.2. ఏడాది పొడవునా కదలకుండా ఉన్న లక్ష మీద తొమ్మిది నెలలకి 6,000, మూడు నెలలకి 2,050, మొత్తం 8,050. అదే 8.2తో వేస్తే 8,200. లక్షకి 150 తేడా కనిపిస్తుంది, అది పొరపాటు కాదు. ఈ మధ్య సంవత్సరాల్లో మధ్యలో రేటు మారింది 2023-24లోనే, కాబట్టి మిగతావాటికి ఒకే రేటు పెట్టుకోవచ్చు.

గోదారిగట్టు
అంటే నా మాట ఊరికే పోలేదు. ఏడాది మాత్రం తప్పు చెప్పాను.

పల్లెటూరి_పిల్లోడు
అందరూ ప్రింట్ వేసిన పాస్‌బుక్ గురించి మాట్లాడుతున్నారు. మా ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు. పాస్‌బుక్‌లో చేత్తో రాసి ముద్ర వేస్తాడు. వడ్డీ ఎప్పుడు రాస్తారని అడిగితే "పుస్తకం పైఆఫీసుకి పంపాలి" అంటాడు. రెండేళ్లుగా వడ్డీ వరసే లేదు.

కౌంటర్_అవతల
చేత్తో రాసే చోట అది జరుగుతుంది. వడ్డీ కంప్యూటర్‌లో మార్చి 31న పడిపోయే ఉంటుంది, పుస్తకంలో రాయడమే మిగిలి ఉంటుంది. పుస్తకం ఖాతా ఉన్న సబ్ పోస్టాఫీసుకి పంపి రాయించమని అడగండి. లేదా మీరే అక్కడికి వెళ్లి ప్రింట్ అడగండి.

కానీ మీరు చూడాల్సింది వడ్డీ కంటే ముందు జమలు. చేత్తో రాసిన ప్రతి ఎంట్రీకీ తేదీ ముద్ర, సంతకం ఉందా? ప్రతి జమకీ మెషిన్ ఇచ్చిన రసీదు, మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చాయా? పుస్తకంలో ఉన్న నిల్వ, సబ్ పోస్టాఫీసు కంప్యూటర్‌లో ఉన్న నిల్వ ఒకటేనా? పుస్తకంలో ఎక్కువ, కంప్యూటర్‌లో తక్కువ ఉంటే వడ్డీ గురించి మాట్లాడకండి, నేరుగా పోస్ట్‌మాస్టర్‌కి రాసివ్వండి. అది వేరే సంగతి.

పల్లెటూరి_పిల్లోడు
రసీదులు కొన్నింటికే ఉన్నాయి అన్నా. మెసేజ్‌లు రావట్లేదు, ఫోన్ నంబరు మారింది. సోమవారం సబ్ ఆఫీసుకి వెళ్తా.

నైట్‌షిఫ్ట్
నంబరు కూడా మార్పించుకో తమ్ముడూ, దానికి వేరే ఫారం.

వరంగల్_అమ్మ
ఇవాళ పోస్టాఫీసుకి వెళ్లి వచ్చాను. 957 గురించి వదిలేశాను, మాస్టారు లెక్క చూపిస్తే ఆయన నవ్వి "మాక్కూడా ఇలా ఎవరూ వివరించలేదమ్మా" అన్నారు. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా తెరిచి వచ్చాను, వచ్చే ఏప్రిల్‌కి డబ్బు మార్చిలోనే అందులో పెట్టుకుని ఏప్రిల్ 1నో 2నో మారుస్తా. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ఏప్రిల్ 1న అందులోంచి మారిస్తే ఆ రోజే పడుతుందా, వాళ్లకీ ఏడాది ముగింపు పనులు ఉంటాయా?

కౌంటర్_అవతల
నా కాలంలో ఏప్రిల్ 1న కౌంటర్ నెమ్మదిగానే నడిచేది. అందుకే నేను ఎవరికీ ఒకటో తేదీ చెప్పను. 2 లేదా 3 పెట్టుకోండి. పడిన వెంటనే ప్రింట్ వేయించుకుని తేదీ చూసుకోండి, అయిదు దాటకముందే తప్పుంటే దిద్దించొచ్చు.

చిట్టితల్లి_నాన్న
బదిలీ పత్రాల కాపీ బ్యాంకు ఇవ్వనంటోంది. "అంతర్గత పత్రం" అట. పోస్టాఫీసుకి రాయాలా, ఆర్టీఐ పెట్టాలా?

గోదారిగట్టు
బ్యాంకు సంగతి నాకు తెలీదు కానీ పోస్టాఫీసుకి ఆర్టీఐ వర్తిస్తుంది. పంపినవాళ్ల దగ్గర కూడా కాపీ ఉంటుంది కదా, అక్కడ అడుగు.